దావా తేలేదాకా డిలీట్ ఆగాలి

దక్షిణ కొరియాలోని శాంసంగ్ ఉద్యోగులు ఒకప్పుడు మైసింగిల్ అనే సొంత ఈమెయిల్ వ్యవస్థను వాడేవారు. అందులో వచ్చిన మెయిల్ ఏదైనా రెండు వారాలు దాటితే తనంతట తానే చెరిగిపోయేది. ఎవరూ బటన్ నొక్కక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. దాచుకోవాలనుకున్న ఉద్యోగి ఆ గడువులోపు తన కంప్యూటర్లోకి విడిగా సేవ్ చేసుకోవాలి. నిల్వ ఖర్చు తగ్గుతుందని, కంప్యూటర్ పోయినా కంపెనీ రహస్యాలు బయటికి పోవని, కొరియా దేశపు గోప్యతా చట్టానికి కూడా ఇదే సరిపోతుందని కంపెనీ చెప్పేది. మామూలు రోజుల్లో ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. పాత మెయిళ్లను చెరిపేసే నియమం చాలా సంస్థల్లో ఉంటుంది, ఉండాలి కూడా. తగాదా మొదలైన రోజున ఆ నియమాన్ని ఎవరు ఆపాలి, ఎప్పుడు ఆపాలి అన్న దగ్గరే చిక్కు వస్తుంది.

శాంసంగ్‌కు ఆ రోజు 2010 ఆగస్టు 4న వచ్చింది. యాపిల్ ప్రతినిధులు శాంసంగ్ వాళ్లను కలిసి, మీ స్మార్ట్‌ఫోన్లు మా పేటెంట్లను ఉల్లంఘిస్తున్నాయని ఆధారాలతో సహా చూపించారు. ఆగస్టు 23న శాంసంగ్ తనలోని కొద్దిమంది ఉద్యోగులకు ఒక నోటీసు పంపింది. వ్యాపారపరంగా ఏదో ఒక పరిష్కారం దొరక్కపోతే యాపిల్‌తో పేటెంటు దావా వచ్చే అవకాశం ఉంది, సంబంధించిన పత్రాలు జాగ్రత్తపరచండి అన్నది దాని సారాంశం. 2011 ఏప్రిల్ 15న యాపిల్ కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టులో దావా వేసింది. అప్పుడు శాంసంగ్ అలాంటి నోటీసులనే ఇంకా చాలామందికి పంపింది. ఇన్ని నోటీసులు పంపిన కంపెనీ మైసింగిల్‌లోని రెండు వారాల నియమాన్ని మాత్రం ఆపలేదు.

దావా అంటే ఏమిటో, పత్రాలు పోతే ఏమవుతుందో తెలియని కంపెనీ కాదది. అంతకుముందు 2004లో, న్యూజెర్సీలో మొసాయిడ్ అనే సంస్థతో నడిచిన పేటెంటు కేసులో ఇదే మెయిల్ వ్యవస్థ, ఇదే చెరిపివేత కారణంగా కోర్టు శాంసంగ్‌ను శిక్షించింది. అయిదున్నర లక్షల డాలర్లకు పైగా కట్టించింది. యాపిల్ కేసులో ఈ విషయం విచారించిన మేజిస్ట్రేట్ జడ్జి పాల్ గ్రేవాల్ 2012 జులైలో ఇచ్చిన ఉత్తర్వును ఆ పాత కేసును గుర్తు చేస్తూనే మొదలుపెట్టారు.

ఒక లెక్క వేసి చూద్దాం. 2010 ఆగస్టు 4 నుంచి దావా పడిన 2011 ఏప్రిల్ 15 దాకా 254 రోజులు. రెండు వారాల గడువు ఆ మధ్యలో 18 సార్లు తిరిగింది. ఆగస్టు 5న ఒక డిజైనర్ తన పై అధికారికి యాపిల్ చూపించిన పేటెంట్ల గురించి మెయిల్ రాశాడనుకుందాం. ఆగస్టు 19 కల్లా అది చెరిగిపోతుంది. నోటీసు వచ్చింది 23న. అంటే ఆ మెయిల్‌ను కాపాడమని చెప్పేసరికే కాపాడటానికి ఏమీ మిగలలేదు. ఇక 23 తర్వాత కూడా ప్రతి ఉద్యోగీ రెండు వారాలకొకసారి గుర్తుపెట్టుకుని, ఏది సంబంధించినదో తనే తేల్చుకుని, తన కంప్యూటర్లో సేవ్ చేసుకోవాలి. ఒక్కసారి సెలవు మీద వెళ్లినా, ఒక్కసారి మరిచిపోయినా ఆ పక్షం రోజుల మెయిళ్లన్నీ పోయినట్టే. ఉద్యోగులు నిజంగా సేవ్ చేస్తున్నారా లేదా అని కంపెనీ సరిచూడలేదని కూడా జడ్జి ఎత్తిచూపారు.

తగాదా వస్తుందని తెలిసిన క్షణం నుంచి, దానికి సంబంధించిన మెయిళ్ల విషయంలో చెరిపివేత నియమాలను నిలిపేయడాన్ని లీగల్ హోల్డ్ అంటారు. లిటిగేషన్ హోల్డ్ అని కూడా అంటారు. ఊళ్లో దాయాదుల మధ్య భూమి గొడవ వస్తే పెద్దమనుషులు ముందుగా దస్తావేజులున్న పెట్టెకు తాళం వేయించి, ఆ తర్వాతే మాటలు మొదలుపెడతారే, అలాంటిది. అమెరికాలో ఈ బాధ్యతకు స్పష్టమైన రూపం వచ్చింది న్యూయార్క్‌లో యూబీఎస్ వార్‌బర్గ్ అనే పెట్టుబడి బ్యాంకు మీద లారా జుబులేక్ అనే ఉద్యోగిని వేసిన లింగవివక్ష కేసులో. దావా వస్తుందని సహేతుకంగా ఊహించగలిగిన నాడే సంస్థ తన మామూలు చెరిపివేత విధానాన్ని ఆపి, హోల్డ్ పెట్టాలని 2003లో జడ్జి షీరా షైండ్లిన్ తేల్చిచెప్పారు. మరుసటి ఏడాది ఇచ్చిన తీర్పులో ఆమె ఇంకో అడుగు ముందుకు వేశారు. హోల్డ్ పెట్టామని చెప్పి ఊరుకోకూడదు, అది అమలవుతోందా లేదా అని లాయర్లు కూడా కనిపెట్టుకుని ఉండాలన్నారు. 2005లో జ్యూరీ ఆ ఉద్యోగినికి 2.9 కోట్ల డాలర్లకు పైగా ఇప్పించింది.

హోల్డ్ పెట్టకపోతే జరిగేదేమిటి? పోయిన మెయిల్‌లో ఏముందో ఎవరూ చెప్పలేరు. చెరిపినవాడి మాటే సాక్ష్యమైతే చెరిపినవాడికే లాభం. అందుకని అమెరికా కోర్టులు జ్యూరీతో ఒక మాట చెప్పగలవు: ఆ పోయిన మెయిళ్లు ఎదుటిపక్షానికి అనుకూలంగానే ఉండేవని మీరు భావించవచ్చు అని. శాంసంగ్ విషయంలో గ్రేవాల్ ఇచ్చిన ఉత్తర్వు ఇదే. అయితే 2015 డిసెంబరు నుంచి అమెరికా ఫెడరల్ నిబంధన మారింది. అంత గట్టి మాట చెప్పాలంటే ఎదుటివాడికి సాక్ష్యం దక్కకూడదన్న ఉద్దేశంతోనే పోగొట్టారని కోర్టుకు అనిపించాలి. కేవలం అజాగ్రత్త అయితే జరిగిన నష్టం మేరకే సరిదిద్దుతారు. నాకు ఈ మార్పు న్యాయంగానే తోస్తుంది. మరిచిపోయినవాణ్ణీ మాయం చేసినవాణ్ణీ ఒకే గాటన కట్టకూడదు.

శాంసంగ్ కథ అక్కడితో అయిపోలేదు. తర్వాతి మలుపు నుంచే ఎక్కువ నేర్చుకోవాలి. ఆ ఉత్తర్వు మీద శాంసంగ్ పై జడ్జి లూసీ కో దగ్గరికి వెళ్లింది. 2010 ఆగస్టులోనే దావా వస్తుందని మేం ఊహించి ఉండాలంటే, ఉల్లంఘన జరిగిందని మాకు చూపించిన యాపిల్ కూడా ఆ రోజే ఊహించి ఉండాలి కదా, మరి వాళ్లు తమ ఉద్యోగులకు హోల్డ్ నోటీసులు 2011 ఏప్రిల్ దాకా ఎందుకు పంపలేదు అని అడిగింది. జడ్జికి ఆ వాదన నిజమనిపించింది. చెప్పాల్సి వస్తే జ్యూరీకి రెండు కంపెనీల గురించీ ఒకే మాట చెబుతానన్నారు. చివరికి ఎవరి గురించీ ఆ మాట జ్యూరీ ముందుకు రాలేదు. 2012 ఆగస్టు 24న జ్యూరీ యాపిల్‌కు దాదాపు 105 కోట్ల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఆ మొత్తం ఎన్నో మలుపులు తిరిగి 2018లో రాజీతో ముగిసింది. హోల్డ్ బాధ్యత ప్రతివాది మీదే ఉంటుందనుకునేవాళ్లు ఈ ఘట్టాన్ని గుర్తుపెట్టుకోవాలి. దావా వేయాలని మనసులో అనుకున్నవాడి మీద కూడా ఆ బాధ్యత పడుతుంది. నిజానికి అతడి మీదే ముందు పడుతుంది, ఎందుకంటే దావా వస్తుందని అందరికంటే ముందు తెలిసేది అతడికే.

ఇంతకీ మెయిల్‌బాక్సులో హోల్డ్ ఎలా పనిచేస్తుంది? ఎక్కువ ఆఫీసుల్లో ఉన్న మైక్రోసాఫ్ట్ 365 నే తీసుకుందాం. మీరు ఒక మెయిల్‌ను డిలీట్ చేస్తే అది Deleted Items అనే ఫోల్డర్లోకి వెళ్తుంది. ఇది అందరికీ తెలుసు. ఆ ఫోల్డర్ ఖాళీ చేసినా, షిఫ్ట్ నొక్కిపట్టి డిలీట్ కొట్టినా ఆ మెయిల్ Recoverable Items అనే మరుగు ఫోల్డర్లోకి చేరుతుంది. అక్కడ మామూలుగా 14 రోజులు ఉంటుంది. అడ్మిన్ దాన్ని 30 రోజుల దాకా పెంచుకోవచ్చు. ఆ గడువు ముగిశాక, మెయిల్‌బాక్సులన్నిటినీ వంతులవారీగా ఊడ్చుకుంటూ వచ్చే ఒక ప్రోగ్రామ్ దాన్ని శాశ్వతంగా తీసేస్తుంది. ఆఫీసు పెట్టుకున్న మూడు నెలల నియమమో, ఏడాది నియమమో కూడా పాత మెయిళ్లను ఈ దారిలోకే నెడుతుంది.

హోల్డ్ పెట్టినప్పుడు ఆగేది ఆ చివరి అంకం ఒక్కటే. ఉద్యోగి తన మెయిల్‌ను ఎప్పటిలాగే డిలీట్ చేసుకోవచ్చు, తన తెరమీంచి అది మాయమవుతుంది కూడా. కాని మరుగు ఫోల్డర్లోంచి మాత్రం కదలదు. పాత మెయిల్‌ను తెరిచి అందులోని అంకెనో తేదీనో మార్చి సేవ్ చేసినా మార్పుకు ముందున్న ప్రతిని వ్యవస్థ పక్కన దాచి ఉంచుతుంది. అంటే ఇది ఉద్యోగి చిత్తశుద్ధి మీద ఆధారపడే ఏర్పాటు కాదు. అతడికి తెలిసినా తెలియకపోయినా, సహకరించినా సహకరించకపోయినా మెయిల్ నిలిచే ఉంటుంది. శాంసంగ్ నోటీసుకూ దీనికీ ఉన్న తేడా ఇదే. అడ్మిన్ చేయాల్సిన పని కూడా పెద్దదేం కాదు:

```
Set-Mailbox user@example.com -LitigationHoldEnabled $true
Get-Mailbox user@example.com | Format-List LitigationHold*
```

మొదటి వరుస హోల్డ్ పెడుతుంది. రెండోది అది నిజంగా పడిందా, ఏ తేదీన పడింది, ఎవరు పెట్టారు అన్నది చూపిస్తుంది. అడ్మిన్లు మొదటిది కొట్టి లేచిపోతుంటారు. రెండోదాని ఫలితాన్ని తేదీతో సహా దాచిపెట్టుకోవాలి. ఏ రోజున హోల్డ్ పెట్టారని రేపు ఎదుటి లాయరు అడిగితే చూపించాల్సింది ఆ కాగితాన్నే. పైగా హోల్డ్ పెట్టిన వెంటనే అమల్లోకి రాదు, కొన్ని గంటలు పట్టవచ్చు. మరుగు ఫోల్డర్‌కు కూడా ఒక హద్దు ఉంది. మామూలుగా 30 జీబీ, హోల్డ్ పెడితే 100 జీబీ. పెద్ద పెద్ద అటాచ్‌మెంట్లు తిరిగే మెయిల్‌బాక్సు ఏళ్ల తరబడి హోల్డ్‌లో ఉంటే అదీ నిండుతుంది. అప్పుడు ఉద్యోగి డిలీట్ చేయబోతే వ్యవస్థ ఒప్పుకోదు. అలాంటి ఫిర్యాదు వస్తే అడ్మిన్ చూడాల్సింది ముందుగా ఆ ఫోల్డర్ పరిమాణాన్నే. హోల్డ్ తీసేసి సమస్య తీర్చేశానని అనుకోవడం అన్నిటికంటే ప్రమాదకరమైన పరిష్కారం.

ఇది మన దగ్గర ఎలా నడుస్తుందో ఒక ఊహాజనిత తగాదాతో చూద్దాం. విజయవాడలో ఒక ఆహారపదార్థాల కంపెనీ ఉంది. ఒక చిన్న సరఫరాదారు దానికి అట్టపెట్టెలు పంపుతాడు. కంపెనీలో 90 రోజులు దాటిన మెయిళ్లు చెరిగిపోయే నియమం ఉంది. డిసెంబరు 8న పెట్టెల మందం గురించి ఇద్దరి మధ్యా మెయిళ్లు నడిచాయి. జనవరి 5న ఆర్డరు ఇచ్చారు. మార్చి 3న సరుకు వచ్చింది. నాణ్యత లేదంటూ మార్చి 5న కంపెనీ తిరస్కరించింది. మార్చి 20న సరఫరాదారు లాయరు నోటీసు పంపాడు: 12 లక్షలు చెల్లించండి, లేకపోతే కోర్టుకు వెళ్తాం అని. మార్చి 31న కంపెనీ కొనుగోళ్ల అధికారి ఉద్యోగం మానేశాడు. జూన్ 10న కోర్టు సమన్లు అందాయి.

మన చట్టాల్లో లీగల్ హోల్డ్ అన్న మాట విడిగా రాసి లేదు. అందుకని చాలామంది ఇది అమెరికా వ్యవహారం అనుకుంటారు. కాని 2015 వాణిజ్య న్యాయస్థానాల చట్టం కింద 3 లక్షలు, ఆపైన విలువున్న వ్యాపార తగాదాలో ఇద్దరూ తమ దగ్గరున్న సంబంధిత పత్రాలన్నీ ప్రమాణపూర్వకంగా బయటపెట్టాలి. తమకు అనుకూలమైనవే కాదు, ప్రతికూలమైనవి కూడా. ఎలక్ట్రానిక్ రికార్డులకూ ఇదే వర్తిస్తుంది. చూపించగలిగిన సాక్ష్యాన్ని చూపించకపోతే అది తనకు వ్యతిరేకంగా ఉండేదని కోర్టు భావించవచ్చని పాత సాక్ష్య చట్టంలో ఉండేది, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ అది కొనసాగుతోంది. కోర్టుకు సాక్ష్యంగా అందకుండా చేయాలని కావాలనే ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేస్తే భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షను కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. పేరు లేకపోయినా బాధ్యత ఉంది.

మళ్లీ మన అట్టపెట్టెల దగ్గరికి వద్దాం. కంపెనీ లాయరు నోటీసు అందిన మార్చి 20నే హోల్డ్ పెట్టిందనుకోండి. ఆ రోజుకు డిసెంబరు 20 తర్వాతి మెయిళ్లన్నీ మెయిల్‌బాక్సులో ఉంటాయి. ఆర్డరు మెయిల్ ఉంటుంది, తిరస్కరణ మెయిల్ ఉంటుంది, ఈ రెంటికీ మధ్య గిడ్డంగి వాళ్లు పెట్టెల ఫొటోలు పంపి ఉంటే అవీ ఉంటాయి. జూన్ 10న సమన్లు చూసి, సరే ఇక చూద్దాం అని అప్పుడు హోల్డ్ పెట్టిందనుకోండి. మార్చి 12కు ముందున్నవన్నీ 90 రోజులు దాటిపోయి ఉంటాయి. తగాదా జరిగిందంతా మార్చి 5 లోపే. కంపెనీ దగ్గర మిగిలేవి లాయర్ల ఉత్తరాలు మాత్రమే. అవతల సరఫరాదారు తన జీమెయిల్లో అన్నీ దాచుకుని ఉంటాడు, తనకు పనికొచ్చేవి తీసి కోర్టు ముందు పెడతాడు. తమవైపు నిజముందని తెలిసీ చూపించలేని స్థితి కంపెనీది.

ఈ రెండు తేదీల మధ్య ఇంత కాలం ఎందుకు గడుస్తుందంటే, వాణిజ్య దావాల్లో అత్యవసర ఉత్తర్వు కావాల్సిన పరిస్థితి ఉంటే తప్ప, దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలన్న నియమం ఉంది. ఆ తర్వాత సమన్లు, సమన్లు అందాక జవాబు దాఖలుకు 30 రోజులు, కోర్టు అనుమతిస్తే గరిష్ఠంగా 120 రోజులు. న్యాయం ఈ వేగంతో నడుస్తుంటే మెయిల్‌బాక్సు 14 రోజులు, 30 రోజులు, 90 రోజుల లెక్కలో నడుస్తుంది. కోర్టు కాగితం కోసం ఎదురుచూసేవాడు ఈ పందెంలో ఓడిపోవడం ఖాయం.

ఇక డిసెంబరు 8 నాటి మందం మెయిళ్లు. మార్చి 20న హోల్డ్ పెట్టినా అవి రావు. హోల్డ్ ఉన్నదాన్ని నిలుపుతుంది, పోయినదాన్ని తేదు. నియమం ప్రకారం తగాదాకు ముందే చెరిగిపోయినవాటికి సాధారణంగా ఎవరూ తప్పు పట్టరు, ఆ నియమం రాతపూర్వకంగా ఉండి అందరికీ ఒకేలా వర్తించి ఉంటే. కాని బ్యాకప్ ప్రతులేమైనా ఉన్నాయా అని ఆ రోజే అడగాలి, ఎందుకంటే బ్యాకప్‌లను కూడా పాతవాటి మీద కొత్తవి రాసుకుంటూ పోతుంటారు. జుబులేక్ కేసులో ఎంతో గొడవ నడిచింది ఇలాంటి బ్యాకప్ టేపుల చుట్టూనే. వాటిలో కొన్ని కనిపించకుండా పోయాయి.

కొనుగోళ్ల అధికారి రాజీనామా సంగతి విడిగా చెప్పాలి, హోల్డులు ఎక్కువగా తెగిపోయేది అక్కడే. మనిషి వెళ్లిపోయాడు, లైసెన్సు డబ్బు ఆదా అవుతుంది, అకౌంటు తీసేయండి అని హెచ్ఆర్ నుంచి అడ్మిన్‌కు మెయిల్ వెళ్తుంది. మామూలుగా చేసే పనే అది. మైక్రోసాఫ్ట్ వ్యవస్థలో ముందే హోల్డ్ పెట్టి ఉంటే, అకౌంటు తీసేసినా మెయిల్‌బాక్సు నిద్రావస్థలో మిగిలే ఉంటుంది, వెతుక్కోవచ్చు. హోల్డ్ లేకపోతే 30 రోజుల్లో మొత్తం పోతుంది. గూగుల్ వర్క్‌స్పేస్‌లో సంగతి వేరు. అక్కడ వాల్ట్ అనే సాధనంతో హోల్డ్ పెడతారు, చెరిపివేత నియమాలన్నిటినీ అది తోసిపుచ్చుతుంది. అయినా ఆ యూజరు అకౌంటునే తొలగిస్తే మెయిళ్లూ దానితోపాటే పోతాయి. అకౌంటును తొలగించకుండా ఆర్కైవ్ లైసెన్సులోకి మార్చాలి. ఒక వ్యవస్థలో నేర్చుకున్న అలవాటుతో రెండోదాన్ని నడిపితే ఇలాంటిచోటే దెబ్బ తింటారు. అందువల్ల హోల్డ్‌లో ఉన్నవారి జాబితా హెచ్ఆర్ దగ్గర కూడా ఉండాలి.

మరి ఎవరి మెయిల్‌బాక్సులు, ఏ మెయిళ్లు? కొనుగోళ్ల అధికారి, ఆయన పై అధికారి, గిడ్డంగి ఇన్‌చార్జి, అకౌంట్స్‌లో బిల్లు ఆపిన మనిషి. వీళ్లతోపాటు నలుగురూ కలిసి చూసే ఆర్డర్ల మెయిల్‌బాక్సు. దానికి యజమాని అంటూ ఎవరూ ఉండరు గనక జాబితాలోకి రాకుండా జారిపోతుంది. తర్వాతి ప్రశ్న, మెయిల్‌బాక్సు మొత్తం ఆపాలా, లేక సంబంధించినవి మాత్రమే ఏరి ఆపాలా అన్నది. సరఫరాదారు పేరు, ఆర్డరు నంబరు లాంటి మాటలిచ్చి, అవి ఉన్న మెయిళ్లనే హోల్డ్ చేసే వీలు ఈ వ్యవస్థల్లో ఉంది. వినడానికి బావుంటుంది. మన ఆఫీసుల్లో మాత్రం నేను దీన్ని నమ్మమని చెప్పను. మనవాళ్లు ఒక మెయిల్ ఇంగ్లీషులో రాస్తారు, దానికి జవాబు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. "aa box la sangathi emaindi" అని రాసిన మెయిల్లో కంపెనీ పేరూ ఉండదు, ఆర్డరు నంబరూ ఉండదు. అక్షరక్రమం మనిషికో తీరు. వెతికే మాటకు చిక్కనిది హోల్డ్‌కు చిక్కదు, హోల్డ్‌కు చిక్కనిది 90 రోజుల్లో చెరిగిపోతుంది. మొదట మెయిల్‌బాక్సు మొత్తాన్ని ఆపి, సంబంధించినవేవో తర్వాత తీరిగ్గా ఏరుకోవాలి. ఎక్కువ ఆపితే నిల్వ ఖర్చు. తక్కువ ఆపితే కేసే పోవచ్చు.

మెయిళ్లను ఆపినంత మాత్రాన మాటలన్నీ ఆగినట్టు కాదు. గూగుల్ అనుభవమే ఇందుకు ఉదాహరణ. ఫోర్ట్‌నైట్ ఆట తయారుచేసే ఎపిక్ గేమ్స్ 2020లో గూగుల్ ప్లే స్టోర్ మీద దావా వేసింది. గూగుల్ ఉద్యోగుల మెయిళ్లు హోల్డ్‌లో ఉన్నాయి. కాని వాళ్ల మధ్య నడిచే చాట్‌లో చరిత్ర ఆఫ్‌లో ఉంటే మాటలు 24 గంటల్లో చెరిగిపోయేవి. కేసుకు సంబంధించిన మాట వస్తే చరిత్ర ఆన్ చేసుకోండని గూగుల్ ఆ పనిని ఒక్కో ఉద్యోగి విచక్షణకే వదిలేసింది. పదేళ్ల ముందు శాంసంగ్ చేసిన తప్పే ఇది, గడువు మాత్రం రెండు వారాల నుంచి ఒక్క రోజుకు తగ్గింది. గూగుల్ చాట్‌లను నిలుపుకునే బాధ్యతలో విఫలమైందని జడ్జి జేమ్స్ డొనాటో 2023 మార్చిలో తేల్చారు. ఆ చెరిగిన మాటలు గూగుల్‌కు ప్రతికూలంగా ఉండేవని భావించవచ్చని డిసెంబరులో జ్యూరీకి చెప్పారు. జ్యూరీ ఎపిక్ పక్షాన తీర్పు ఇచ్చింది. మన వ్యాపారాల్లో ఆ చాట్ స్థానంలో వాట్సాప్ ఉంది. అందులో మెసేజీలు తమంతట తామే మాయమయ్యే సదుపాయం ఉంది, దాన్ని ఆపగల అడ్మిన్ మాత్రం ఆఫీసులో ఎవరూ ఉండరు. ఉద్యోగుల సొంత ఫోన్లవి. అక్కడ మాత్రం నోటీసు, ఆ తర్వాత మనిషిని పిలిచి ఫోన్ చూపించమనడం తప్ప మరో దారి లేదు.

అమెరికా కంపెనీల్లోనూ, హైదరాబాదులోని వాటి కార్యాలయాల్లోనూ పనిచేసే మనవాళ్లకు ఇలాంటి నోటీసులు అప్పుడప్పుడు వస్తుంటాయి. చూసి భయపడేవాళ్లే ఎక్కువ. నోటీసు వచ్చిందంటే మీ మీద అభియోగం వచ్చిందని కాదు. తగాదాకు సంబంధించిన మెయిల్ మీ దగ్గర ఉండవచ్చని కంపెనీ అనుకుంటోంది, అంతే. అప్పుడు మెయిల్‌బాక్సు సర్దుకోవద్దు. పనికిరాని మెయిలేదో మీరు నిర్ణయించవద్దు. జాగ్రత్త కోసమని మీ సొంత జీమెయిల్‌కు ఫార్వర్డ్ చేసుకోవద్దు, అది వేరే నేరారోపణకు దారి తీయవచ్చు. ఫోన్ మార్చబోతుంటే ముందు కంపెనీ లాయర్లకు చెప్పండి. నోటీసు ముగిసిందని రాతపూర్వకంగా వచ్చేదాకా అది అమల్లో ఉన్నట్టే.

ముగింపు కూడా రాతపూర్వకంగానే ఉండాలి. కింది కోర్టు తీర్పు రాగానే హోల్డ్ తీసేస్తే అప్పీలు మిగిలి ఉంటుంది. అసలు తీయకుండా వదిలేస్తే ఉద్యోగుల సొంత సంగతులతో నిండిన మెయిళ్లు ఏళ్ల తరబడి పేరుకుపోతాయి, రేపు ఇంకో తగాదాలో అవన్నీ వెతకాల్సి వస్తుంది. హోల్డ్ తీసిన వెంటనే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ చెరపడం మొదలుపెట్టదు, పొరపాటున తీసి ఉంటే సరిదిద్దుకోవడానికి 30 రోజులు ఆగుతుంది. ఆ నెల రోజులు చివరి అవకాశం.

చిన్న వ్యాపారం నడిపేవారికి నా విన్నపం ఒక్కటే. లాయరు నోటీసు మీకు అందినా, మీరే ఇంకొకరికి పంపబోతున్నా, జవాబు ఏం రాయాలన్న ఆలోచన రేపటికి వాయిదా వేసుకోవచ్చు. మెయిల్ చూసే మనిషికి ఫోన్ మాత్రం ఆ సాయంత్రమే చేయండి. ఫలానా నలుగురి మెయిల్‌బాక్సులు ఆపమని చెప్పండి, ఆగినట్టు చూపించే ఆ రెండో వరుస ఫలితాన్ని తేదీతో సహా మీ లాయరుకు పంపించమనండి.